నవలల పోటీకి జడ్జిగా కూర్చుంటే: మనకు నచ్చడం వేరు, నవల బాగుండటం వేరు

విజయవాడ, గుంటూరు వైపు నవలల పోటీలకు కొదవ లేదు. సాహితీ సంస్థలు పెడతాయి, వారపత్రికలు పెడతాయి, పెద్దవాళ్ళ పేరు మీద కుటుంబాలు పెడతాయి. నిర్వాహకులు ఫోన్ చేసి "మాస్టారూ, ఈసారి మీరు చూసిపెట్టాలి" అంటారు, మనం సరేనంటాం, వారం తిరక్కుండా రాతప్రతుల కట్ట ఇంటికొస్తుంది. దాంతోపాటు ఒక మార్కుల కాగితం. వస్తువుకిన్ని, శిల్పానికిన్ని, భాషకిన్ని అని గళ్ళు గీసి ఉంటాయి. ఆ గళ్ళు ఎలా నింపాలో మాత్రం ఎవరూ చెప్పరు. నవలలు చదవడం వచ్చినవాళ్ళకి తీర్పు చెప్పడం కూడా వచ్చేసి ఉంటుందని అందరి నమ్మకం. అవి రెండూ వేరు వేరు పనులు.

నేను చెప్పేదంతా ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది. మీరిచ్చే ప్రతి అభిప్రాయాన్నీ ఇంకో జడ్జి పేజీ తెరిచి సరిచూసుకోగలగాలి. అలా సరిచూసుకోగలిగేది నవల గుణం. సరిచూసుకోలేనిది మీ ఇష్టం. ఇష్టాన్ని దాచుకోనక్కర్లేదు, చంపుకోనక్కర్లేదు, కానీ దానికి మార్కులు వేయకూడదు. ఈ పని ఎలా చేయాలో వరసగా చెబుతాను.

మొదటి పని: కట్ట విప్పకముందే మీ ఇష్టాలు రాసిపెట్టుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని దాని మీద మీరు ఏ రకం నవలలు వదలకుండా చదువుతారో, ఏ రకం చూడగానే పక్కన పెడతారో రాయండి. "నాకు సాహిత్యాభిమానం ఎక్కువ" లాంటి మాటలు పనికిరావు, చిన్న చిన్నవే రాయాలి. ఉత్తమ పురుషలో నడిచే కథంటే ఇష్టం, అరవై పేజీల దాకా ముఖ్యపాత్ర ఎవరో తేలకపోతే చిరాకు, పల్లెటూరి బాల్యం వస్తే కరిగిపోతాను, ఇంగ్లీషు మాటలు దొర్లే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ సంభాషణలు విసుగు, విషాదాంతమైతే గొప్పదనిపిస్తుంది, అన్నట్టుగా. ఇది పదిహేను నిమిషాల పని. చదివేటప్పుడు ఈ కాగితం పక్కనే ఉంచుకోవాలి, ఎందుకంటే ఒక నవల మీకు విపరీతంగా నచ్చినా, అసలు నచ్చకపోయినా, మొదట చూడాల్సింది ఈ కాగితమే. ఆ నవల మీ జాబితాలో ఏ వాక్యాన్ని తాకిందో తెలిస్తే మీ స్పందనలో సగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఈ జాబితాలో తప్పనిసరిగా ఉండాల్సినవి రెండున్నాయి. ఒకటి మీ భావజాలం. మన సాహిత్యంలో అభ్యుదయం, విప్లవం, స్త్రీవాదం, దళితవాదం, సంప్రదాయం అని గట్టి శిబిరాలున్నాయి, మనలో చాలామందికి ఏదో ఒకదానితో బంధం ఉంది, అది తప్పేమీ కాదు. అయితే నవల మన మాటే మాట్లాడుతుంటే దాని లోపాలు మన కంటికి ఆనవు, ఎదుటి శిబిరం మాట మాట్లాడుతుంటే ప్రతి కామా కనపడుతుంది. రెండోది మీ ఊరు, మీ యాస. దీని గురించి కాస్త ఆగి విడిగా చెబుతాను.

ఇంకో చిన్న విషయం. పోటీల్లో పేర్లు తీసేసే ఇస్తారు గానీ మన సాహిత్య లోకం చిన్నది. రాత చూసి రాసినవాళ్ళెవరో మీకు పక్కాగా తెలిసిపోతే, లేదా అది ముందే రాతప్రతిగా మీరు చదివి సలహాలిచ్చిన నవలైతే, వెంటనే నిర్వాహకులకు చెప్పి ఆ ఒక్క నవల నుంచి తప్పుకోండి. చివరి మీటింగులో చెప్పడం కాదు, అదే రోజు చెప్పాలి.

రెండో పని: రెండు గళ్ళ నోట్సు

నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క "నాకు ఏమైంది", కుడి పక్క "పేజీలో ఏముంది". చదువుతూ చదువుతూ విసుగొచ్చిందా, ఎడమ పక్క "విసుగు" అని రాసి పేజీ నంబరు వేయండి. కళ్ళు చెమర్చాయా, అదీ అక్కడే. ఆ తర్వాత కుడి పక్క ఆ విసుగుకి, ఆ కన్నీటికి కారణమైన వాక్యమో, సన్నివేశమో, లోటో ఏదైతే అది రాయాలి. కుడి పక్క ఏమీ రాయలేకపోతే ఖాళీ వదిలేయండి. నవల పూర్తయ్యాక ఎడమ పక్క నిండుగా ఉండి కుడి పక్క ఖాళీగా ఉందంటే ఆ నవల గురించి మీకు ఇంకా అభిప్రాయం ఏర్పడలేదని అర్థం, అనుభూతి ఒక్కటే ఉంది. అప్పుడే మార్కు వేయకండి.

ఇది మాటల్లో చెబితే సులువుగానే ఉంటుంది, చేసేటప్పుడే కష్టం. అందుకే రెండు నవలల్ని తీసుకుని చూపిస్తాను. ఇవి ఏ పోటీకీ వచ్చినవి కావు, పద్ధతి అర్థం కావడానికి నేను కట్టినవి. ఒకటి గుంటూరు మిర్చి యార్డు చుట్టూ తిరిగే నవల, కాటాల కాలం నాటిది, శేషయ్య అనే రైతు నాలుగు సీజన్ల కథ. రెండోది విజయవాడ సత్యనారాయణపురంలో గడిచిన బాల్యం. చదివే జడ్జి విజయవాడలోనే పుట్టి పెరిగిన మనిషి, చురుగ్గా నడిచే కథలంటే ఇష్టం, చిన్నప్పటి ఊరంటే ప్రాణం అనుకుందాం.

బాల్యం నవలలో పన్నెండో పేజీ ఇలా ఉంది: "ఆ రోజుల్లో మా సత్యనారాయణపురం రైలు కట్ట మీద సాయంత్రాలు ఎంత అందంగా ఉండేవో! ఆ కూత వినపడగానే గుండె ఏదోలా అయిపోయేది. ఆ మనుషులు, ఆ ఆప్యాయతలు ఇప్పుడెక్కడ?" మన జడ్జి ఎడమ పక్క "గుండె పట్టేసింది" అని రాశాడు. రాయడా మరి. ఆ పట్టాలు తీసేసి ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు, అక్కడ పెరిగినవాళ్ళకి ఆ రెండు మాటలు చాలు. కుడి పక్క ఏం రాయాలి? సాయంత్రం ఎందుకు అందంగా ఉందో పేజీలో లేదు. గుండె ఎలా అయిందో లేదు. ఆ మనుషుల్లో ఒక్కరి పేరు లేదు, ఒక్కరు చేసిన ఒక్క పని లేదు.

ఇలాంటి చోట నేను చేసే పరీక్ష ఒకటుంది. ఊరి పేరు తీసేసి నేను ఎప్పుడూ చూడని ఊరి పేరు పెట్టి మళ్ళీ చదువుతాను. సత్యనారాయణపురం బదులు పార్వతీపురం అనుకోండి. ఇప్పుడు ఆ మూడు వాక్యాల్లో ఏం మిగిలింది? ఏమీ మిగల్లేదు. బొమ్మ గీసింది రచయిత కాదు, మన జ్ఞాపకమే. అదే నవలలో నూట నలభయ్యో పేజీకి వెళ్ళండి. నాయనమ్మ మూడు వాటాల ఇల్లు అద్దెకిచ్చి, ఒకటో తారీఖు దాటిన అద్దెలు వసూలు చేయడానికి మనవడిని ఉత్త గిన్నెతో పంపుతుంది. "కాఫీపొడి ఉంటే కాస్త ఇమ్మన్నారు" అని అడగమంటుంది. వాటాలవాళ్ళకి అర్థమైపోతుంది, కాఫీపొడి గిన్నెలోనే అద్దె డబ్బులు పెట్టి పంపుతారు. అక్కడ ఏ ఊరి పేరు పెట్టినా ఆ గిన్నె అలాగే నిలబడుతుంది. డబ్బు అడగడానికి నామోషీ, అడక్కపోతే గడవని ఇల్లు, ఆ రెండింటి మధ్య నలిగే మనిషి, అన్నీ ఒక గిన్నెలో కనిపించాయి. కుడి పక్క రాయాల్సింది ఇది. పన్నెండో పేజీకి మార్కు లేదు, నూట నలభయ్యో పేజీకి ఉంది. మన జడ్జి గనక నోట్సు రాయకపోతే రెండు పేజీలకీ కలిపి "భలే రాశాడు" అనేసి ఊరుకునేవాడు.

ఇప్పుడు మిర్చి యార్డు నవల. ఎడమ పక్క నిండా "నెమ్మది", "ఎప్పటికి కదులుతుంది", "మళ్ళీ కల్లంలో ఎండబెట్టడమేనా" అని ఉంది. కుడి పక్కకి వద్దాం. ఎనభై మూడో పేజీలో యార్డులో సరుకు తూచే దడవాయి వస్తాడు: "దడవాయి కాటాలో రాయి మార్చాడు. శేషయ్య రాయి వైపు చూళ్ళేదు, దడవాయి కాళ్ళ వైపు చూశాడు. పోయినేడు ఆ కాళ్ళకి చెప్పుల్లేవు." మోసం అన్న మాట ఎక్కడా లేదు. రైతుకి తెలిసిపోయిందని కూడా రాయలేదు. తెలిసినా నోరెత్తలేడన్నది మాత్రం మనకి తెలిసిపోయింది, ఎందుకంటే అతను చూడాల్సిన రాయి వైపు చూడనే లేదు. మూడు చిన్న వాక్యాలు ఒక మనిషి నిస్సహాయతని, ఒక వ్యాపారం నడిచే తీరునీ మోశాయి. విసుగొచ్చినా సరే ఇది రాసుకోవాలి. ఇలాంటివి నవలలో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయా, లేక ప్రతి అధ్యాయంలోనూ ఉన్నాయా అని చూసుకోవాలి. ప్రతి అధ్యాయంలోనూ ఉంటే మీ విసుగుకి కారణం నవల కాదు, మీ వేగం.

అలాగని "నాకు విసుగొచ్చింది కాబట్టి ఇది గొప్పదేమో" అనే రెండో గుంటలో పడకండి. చాలామంది నిజాయితీపరులైన జడ్జీలు ఇక్కడే దెబ్బతింటారు. తమ ఇష్టాన్ని అనుమానించీ అనుమానించీ చివరికి అర్థంకాని ప్రతిదానికీ ఎక్కువ మార్కులేస్తారు. మిర్చి నవలలోనూ నిజమైన లోపం ఉంది. కథంతా శేషయ్య కళ్ళతోనే చూపిస్తూ వచ్చిన రచయిత తొమ్మిదో అధ్యాయంలో ఉన్నట్టుండి కమీషన్ ఏజెంటు పడగ్గదిలో మొగుడూ పెళ్ళాలు అనుకున్న మాటలు చెప్పేశాడు. శేషయ్యకి ఆ మాటలు తెలిసే దారి లేదు, ఆ తర్వాత నవల మళ్ళీ ఎప్పుడూ అలా చేయలేదు. కావాలని చేసిన ఏర్పాటైతే మళ్ళీ వస్తుంది, ఒక్కసారే వచ్చిందంటే రచయితకి ఆ సమాచారం మనకి అందించే వేరే దారి దొరకలేదని అర్థం. ఇది ఎవరైనా పేజీ తెరిచి చూడగలిగిన లోపం. రాసుకోవాల్సిందే.

మూడో పని: నవల తలకెత్తుకున్న పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

మార్కులు వేయకముందు ప్రతి నవలకీ ఈ వాక్యం రాసుకోవాలి. "ఈ నవల ఏం చేయడానికి బయల్దేరింది?" దీన్ని వస్తువుతో కలపకండి. "మిర్చి రైతుల కష్టాలు" అనేది వస్తువు. "మోసం తెలిసీ ఊరుకోవడం ఒక మనిషికి అలవాటుగా ఎలా మారిందో నాలుగు సీజన్లలో చూపించడం" అనేది నవల తలకెత్తుకున్న పని. ఇలా రాస్తే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. అలవాటు ఎలా పట్టుకుంటుందో చూపించాలంటే ఒకే పని మళ్ళీ మళ్ళీ రావాలి కదా, కల్లం సన్నివేశం నాలుగుసార్లు రావడం లోపం కాదు, అవసరం. ఇక చూడాల్సింది ఆ నాలుగుసార్లలో ఏం మారిందన్నదే. మొదటిసారి శేషయ్య తాలుకాయలు తనే ఏరి పక్కన పోస్తాడు, నాలుగోసారి వచ్చేసరికి కూతురు ఏరబోతే "ఉంచులే" అంటాడు. మారింది. ఒకవేళ నాలుగూ అచ్చు ఒకేలా ఉండి ఉంటే "నెమ్మది" అన్న మీ ఫిర్యాదు నిలబడేది.

మన పోటీల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు వస్తువుకి మార్కులు పోయడం. రైతు ఆత్మహత్య, పరువు హత్య, రాజధాని భూముల గొడవ, వలస, ఏదో ఒక బరువైన విషయం ఉంటే చాలు, తక్కువ మార్కు వేయడానికి చెయ్యి రాదు. తక్కువ వేస్తే ఆ బాధని తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. నేనైతే ఇక్కడ గట్టిగా ఉండాలంటాను. నవల ఆ బాధని మనకి కొత్తగా చూపించిందా, లేక పేపర్లో చదివి మనం ముందే పడ్డ బాధని వాడుకుందా అని అడగాలి. దీనికో తేలికైన పరీక్ష: ఆ సమస్యలో చెడ్డవాళ్ళుగా చూపించిన మనుషుల్ని పట్టుకోండి. వాళ్ళకి నవలలో ఒక్క సొంత కారణమైనా ఉందా? కమీషన్ ఏజెంటు కూడా బ్యాంకులో చిక్కుకున్నవాడేనా, లేక మీసం మెలేయడానికే వచ్చాడా? ఏ పక్షం నవలైనా సరే, ఎదుటి పక్షం మనిషికి ఊపిరి పోయలేకపోతే అది కరపత్రంగా ఎంత ఉపయోగపడినా నవలగా బలహీనమే. ఈ ప్రశ్న మీకు నచ్చే భావజాలమున్న నవలని ముందు అడగండి, నచ్చనిదాన్ని తర్వాత.

వస్తువు గొప్పతనం నవల గొప్పతనానికి అడ్డమేమీ కాదు. మన గుంటూరు మనిషి ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" రాస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది, అంత నిప్పులాంటి వస్తువు అది. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా దాన్ని నవలగా చదువుతున్నామంటే కారణం నిషేధం కాదు, అందులోని మనుషులు, వాళ్ళ మాట.

యాస విషయం

కృష్ణా, గుంటూరు జిల్లాల చదువుకున్నవాళ్ళ భాష పత్రికలకీ, పుస్తకాలకీ చాలావరకు ఆధారమైపోయింది. దాంతో మన ప్రాంతపు జడ్జికి ఒక ఇబ్బంది ఉంది, అది ఇబ్బందని కూడా తెలియనంత సహజంగా ఉంటుంది. మన యాస మనకి యాసలా వినపడదు. శ్రీకాకుళం నవలో, అనంతపురం నవలో, పాలమూరు నవలో వస్తే "భాష కాస్త కఠినంగా ఉంది" అని భాష గడిలో మూడు నాలుగు మార్కులు కోసేస్తాం. అదే అనంతపురం పాఠకుడికి మన కృష్ణా తీరం నవల ఎన్నేళ్ళుగానో పరాయి యాసలోనే వస్తోంది, అతను మార్కులు కోయలేదు.

చేయాల్సింది ఇది. తెలియని మాట రాగానే పక్కన ఒక కాగితం మీద రాసుకుని ముందుకి వెళ్ళిపోండి. నిఘంటువు తెరవకండి. ఇరవై ముప్ఫై పేజీలయ్యాక ఆ జాబితా చూసుకోండి. వాటిలో ఎక్కువ భాగం సందర్భాన్ని బట్టి మీకు తెలిసిపోయి ఉంటే రచయిత తన పని తను చేసినట్టే. మీరే కాస్త ఓపిక పట్టాలి. యాభై పేజీలయ్యాక కూడా ఎవరు ఎవరితో ఏమన్నారో తెలియకపోతే అప్పుడు రచయితని తప్పుపట్టొచ్చు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. యాస కనపడగానే మురిసిపోయి మార్కులు పోయకూడదు. క్రియల చివర్లు మాత్రం మార్చి, వాక్యం లోపల అంతా పత్రిక భాషే ఉంచేసిన నవలలు చాలా వస్తాయి. కూలికెళ్ళే ఆడమనిషి కోపంలో "నీ ప్రవర్తన నాకు బాధ కలిగిస్తాంది" అంటే ఆ ఒక్క దీర్ఘం తప్ప అందులో యాస లేదు, ఆ కోపం కూడా లేదు. అనుమానమొస్తే ఆ ప్రాంతం మనిషికి ఒక పేజీ పైకి చదివి వినిపించండి, నవలేదో, పోటీ ఏదో చెప్పక్కర్లేదు. "మా అమ్మ ఇట్లనే అంటది" అన్నారా, "ఇట్లెవరూ అనరు సార్" అన్నారా, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

చదివే వరస

దీని గురించి పొడుగ్గా చెప్పడానికేం లేదు. కట్టలో ఉన్న వరసలో చదవకండి, కలిపేసి తీయండి, మిగతా జడ్జీలు కూడా అలాగే చేస్తే అందరూ ఒకే నవలని అలసిపోయిన స్థితిలో చదవకుండా ఉంటారు. ఒక మంచి నవల పూర్తిచేసిన రోజే ఇంకోటి మొదలుపెట్టకండి, మొదటిదాని నీడ రెండోదాని మీద పడుతుంది. మొదట చదివిన రెండు నవలలకి వేసిన మార్కుల్ని పెన్సిల్‌తోనే ఉంచి, అన్నీ అయ్యాక వాటి మొదటి ముప్ఫై పేజీలు మళ్ళీ చదవండి, ఎందుకంటే మొదట్లో మీ కొలత ఇంకా కుదురుకోలేదు. ఏదైనా నవలని మధ్యలో వదిలేయాలనిపిస్తే, పేజీ నంబర్లతో మూడు కారణాలు కుడి గడిలో రాయగలిగితేనే వదలండి. రాయలేకపోతే చదవాల్సిందే.

నాలుగో పని: మార్కులు కూడకండి, స్థానాలు చూడండి

ఇది చాలా సంస్థల్లో పట్టించుకోని విషయం, ఫలితాలు తారుమారయ్యేది కూడా ఇక్కడే. ముగ్గురు జడ్జీలు నూటికి మార్కులు వేశారు, నిర్వాహకులు మూడూ కూడి ఎక్కువొచ్చినదానికి బహుమతి ప్రకటించారు. న్యాయంగానే కనిపిస్తుంది. లెక్క చూద్దాం.

మొదటి జడ్జి మిర్చి నవలకి 72, సత్యనారాయణపురం రైలు కట్ట నవలకి 70, మూడో నవల ఒకదానికి 68 వేశారు. రెండో జడ్జి అదే వరసలో 74, 71, 69. మూడో జడ్జి మిర్చికి 45, రైలు కట్టకి 85, మూడోదానికి 60. కూడితే మిర్చికి 191, రైలు కట్టకి 226, మూడోదానికి 197. రైలు కట్ట ఇరవై తొమ్మిది మార్కుల తేడాతో గెలిచింది. మిర్చి చిట్టచివరికి పోయింది. ముగ్గురిలో ఇద్దరు మొదటి స్థానమిచ్చిన నవల అది!

ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. మొదటి ఇద్దరికీ డెబ్బైకి అటూ ఇటూ వేయడం అలవాటు, మూడో ఆయనకి నలభై నుంచి తొంభై దాకా వేయడం అలవాటు. అలవాటులో ఉన్న తేడా వల్ల ఒక్క మనిషి ఇష్టం ఇద్దరి తీర్పుని మింగేసింది. ఇప్పుడు అవే మార్కుల్ని స్థానాలుగా మార్చండి. మిర్చికి ఒకటి, ఒకటి, మూడు, కలిపి 5. రైలు కట్టకి రెండు, రెండు, ఒకటి, కలిపి 5. మూడోదానికి మూడు, మూడు, రెండు, కలిపి 8. తక్కువ వచ్చింది ముందున్నట్టు. అంటే పోటీ మిర్చికీ రైలు కట్టకీ మధ్య సమానంగా ఉంది, మూడోది వెనకబడింది. అసలు పరిస్థితి ఇదీ. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన అవసరం ఉందని ఈ లెక్క చెప్పింది, కూడిక ఆ అవసరాన్ని దాచేసింది.

స్థానాల లెక్కకీ హద్దులున్నాయి. ఇరవై నవలల్ని ఒకటి నుంచి ఇరవై దాకా నిక్కచ్చిగా పేర్చడం ఎవరి వల్లా కాదు, పన్నెండుకీ పదమూడుకీ తేడా ఉత్త ఊహ. కాబట్టి ముందు ఎవరికి వారు తుది పరిశీలనకి అయిదో ఆరో పంపి, ఆ జాబితాకే స్థానాలివ్వండి. ఒక్క జడ్జి అయినా గట్టిగా పట్టుబట్టిన నవలని ఆ జాబితాలో ఉంచాలి, మిగతా ఇద్దరికీ నచ్చకపోయినా సరే, ఎందుకంటే అందరికీ ఓ మాదిరిగా నచ్చినవే మిగిలితే విలక్షణమైన నవల ఎప్పటికీ పైకి రాదు.

అయిదో పని: మీటింగు

మీటింగుకి నోట్సుతో వెళ్ళండి, రాతప్రతులు కూడా పట్టుకెళ్ళండి. మొదటి గంట ఎవరూ తమ మొదటి స్థానం చెప్పకూడదని ఒప్పందం పెట్టుకుంటే మంచిది. పెద్దాయన ముందే "నాకైతే ఫలానాది" అనేస్తే చిన్నవాళ్ళు నోరు మెదపలేరు, మన దగ్గర గురుశిష్యులే పక్కపక్కన జడ్జీలుగా కూర్చుంటారు మరి. అందుకే వయసులో చిన్నవాళ్ళతో మొదలుపెట్టించాలి.

ఒక్కో నవల గురించి మాట్లాడేటప్పుడు ఇష్టం లేనివాళ్ళు ముందు దాని బలం చెప్పాలి, ఇష్టమున్నవాళ్ళు ముందు దాని లోపం చెప్పాలి. మిర్చికి 45 వేసిన ఆయన ముందు దాని బలం చెప్పారు, దడవాయి చెప్పుల పేజీ గురించే చెప్పారు. ఆ తర్వాత సంభాషణ ఇలా సాగుతుంది:

"మరి నలభై అయిదే ఎందుకు వేశారు మాస్టారూ?"

"నడక లేదమ్మా. చదవలేకపోయాను."

"నడక లేకపోవడం ఏ పేజీల్లో కనపడింది? కల్లం సన్నివేశాల్లోనా?"

"అక్కడే."

"మొదటిసారి ఆయన తాలుకాయలు ఏరతాడు, నాలుగోసారి కూతుర్ని వద్దంటాడు. నాకు అది నడకే అనిపించింది. ఒకసారి ఆ రెండు పేజీలూ చదువుదామా?"

చదువుతారు. పైకే చదవాలి. మాస్టారు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. "మారింది నిజమే, కానీ రెండోసారికీ మూడోసారికీ మధ్య ఏం మారలేదు, అది ఇరవై పేజీలు" అన్నారనుకోండి, అది మంచి మాట, పేజీ తెరిచి చూడగలిగిన మాట, లోపాల్లో రాసుకోవాలి. తొమ్మిదో అధ్యాయం లోపం పక్కన ఇది చేరుతుంది. అప్పుడు రైలు కట్టని కూడా అలాగే చదవాలి: పన్నెండో పేజీ లాంటివి ఎన్ని, నూట నలభయ్యో పేజీ లాంటివి ఎన్ని. మొదటి వంద పేజీలూ తలపోతలతోనే నిండి, నాయనమ్మ వచ్చాకే నవల లేచి నిలబడిందని తేలితే సగం నవలకే బహుమతి ఇవ్వగలమా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. నా లెక్కలో మిర్చి నవల ముందుంటుంది, ఒక అధ్యాయం, ఇరవై పేజీలు తప్ప మిగతా అంతా తలకెత్తుకున్న పనిని మోసింది కాబట్టి. ఇంకో ముగ్గురు కూర్చుంటే ఆ గిన్నె సన్నివేశం వైపు మొగ్గొచ్చు. దానికీ అభ్యంతరం లేదు, కారణాలు పేజీలోంచి వచ్చినంత వరకు.

పూర్తిగా సమానమని తేలితే? అప్పుడు ఇష్టాన్ని బల్ల మీద పెట్టొచ్చు, పెట్టాలి కూడా. "గుణంలో తేడా నాకు కనపడటం లేదు, నాకు ఇదంటే ఇష్టం, అందుకే దీనికి ఓటు" అని బాహాటంగా చెప్పడం నిజాయితీ. ఇష్టాన్ని శిల్పం గడిలో దాచడమే తప్పు.

పంచడం గురించి కూడా ముందే తేల్చుకోండి. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ "వేయిపడగలు", అడివి బాపిరాజు "నారాయణరావు" బహుమతిని చెరిసగం పంచుకున్నాయి. ఆ రెండూ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, కాబట్టి పంచడం ఎప్పుడూ చేతకానితనమే అనలేం. ఇంగ్లండులో బుకర్ ప్రైజు 1992లో ఇద్దరికి పంచాక ఇక పంచకూడదని నిబంధన పెట్టుకున్నారు, 2019లో జడ్జీలు దాన్ని కాదని మళ్ళీ ఇద్దరికిచ్చారు. నా సలహా ఏమిటంటే, రెండు నవలలు వేర్వేరు పనులు తలకెత్తుకుని రెండూ సాధించినప్పుడే పంచండి. వాదించుకుని అలసిపోయి, కాఫీలు చల్లారిపోయి, రైలుకి టైమవుతోందని పంచకండి. ఏదీ ఆ స్థాయికి రాలేదనిపిస్తే మొదటి బహుమతి ఆపే హక్కు మీకుందో లేదో కూడా నిర్వాహకుల్ని పని ఒప్పుకునే రోజే అడగాలి.

చివరి పని: తీర్పు రాయడం

తీర్పులో "ఆర్ద్రత", "హృద్యంగా", "మట్టివాసన" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. అవన్నీ ఎడమ గడివి. ఏ నవలకి తగిలించినా అతుక్కుంటాయి. మిర్చి నవలకి నేనైతే ఇలా రాస్తాను: "మోసాన్ని భరించడం అలవాటయ్యే తీరుని ఈ నవల నాలుగు సీజన్లలో చూపించింది. చెప్పాల్సిన చోట చెప్పకుండా ఆగడం రచయితకి తెలుసు, కాటా సన్నివేశం అందుకు ఉదాహరణ. తొమ్మిదో అధ్యాయంలో కథనం శేషయ్యని వదిలి బయటికి పోయింది, అచ్చుకి ముందు దాన్ని సరిచూసుకుంటే మంచిది." ఇంతే. రచయితకి ఇది పనికొస్తుంది, బహుమతి రానివాళ్ళు చదివినా ఎందుకు రాలేదో వాళ్ళకి కొంత తెలుస్తుంది.

బహుమతి రాని తుది జాబితా నవలలకి కూడా మూడేసి వాక్యాలు రాసి నిర్వాహకులకివ్వండి, రచయితలు అడిగితే పంపమనండి. నోట్‌బుక్ ఫలితాలు ప్రకటించాక కనీసం ఏడాది ఉంచండి, ఎవరైనా అభ్యంతరం చెబితే పేజీ నంబర్లు అందులోనే ఉంటాయి.